పెళ్ళి వీడియో కింద రాసే నాలుగు ముక్కలు: మా చెల్లి హైలైట్స్‌తో నా అనుభవం

మా చెల్లి పెళ్ళి ఫిబ్రవరి 13న అన్నవరంలో, కొండ మీద జరిగింది. హైలైట్స్ వీడియో దాదాపు నెలకి, మార్చి 14న వచ్చింది. దాని కింద ఉండే వివరణ ఒక దారికి రావడానికి మాత్రం ఏప్రిల్ 6 దాకా పట్టింది. యూట్యూబ్‌లో పెళ్ళి వీడియో పెట్టబోయేవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

స్టూడియో వాళ్ళు వీడియోని తమ ఛానల్లో పబ్లిక్‌గా పెట్టి లింకు వాట్సాప్‌లో పంపారు. అరగంటలో మా వైపు రెండు గ్రూపులు, అబ్బాయి వైపు రెండు గ్రూపులు చుట్టేసింది. అందరూ వీడియో చూశారు కానీ కింద ఏం రాసుందో ఒక్కరూ చదవలేదు, నేనూ చదవలేదు. ఫోన్లో టైటిల్ కింద ఒకటి రెండు ముక్కలు కనిపించి మిగతాదంతా "...more" వెనక మడిచి ఉంటుంది. దాన్ని తెరిచి చూడాలన్న ఆలోచన రావడానికి వారం పట్టింది.

మార్చి 21న మా బావ ఫోన్ చేశాడు. పెళ్ళికి రావడానికి ఆఫీసులో జ్వరమని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టాడట. వాళ్ళ టీమ్‌లో ఎవరో గూగుల్లో అతని పేరు కొడితే ఈ వీడియో వచ్చింది. దాన్ని నవ్వుకుని వదిలేసేవాళ్ళమే. కానీ అదే రోజు సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. అవతలివాళ్ళు పేరుతో వెతికితే మొదట దొరికింది సంగీత్‌లో డాన్స్ చేసిన ఈ వీడియోనే. డాన్స్‌లో తప్పేమీ లేదు, కానీ అది ఎవరికి చూపించాలో పిల్ల చేతిలో ఉండాలి కదా.

అప్పుడు "...more" నొక్కి చదివాను. శుభలేఖలో ఉన్నదంతా దించేశారు. ఇద్దరి పూర్తి పేర్లు ఇంటిపేర్లతో సహా, చదువులు, పనిచేసే కంపెనీలు, తండ్రుల పేర్లు, ఊళ్ళు, ముహూర్తం తేదీ, సమయం, మండపం పేరు. దాని కింద "స్పెషల్ థాంక్స్" అని సంగీత్‌లో ఆడినవాళ్ళ పేర్ల జాబితా. అందులో మా అక్క కూతురు, ఏడేళ్ళ పిల్ల, పేరు కూడా ఉంది. చివర స్టూడియో నంబరు, ముప్ఫై దాకా హ్యాష్‌ట్యాగులు.

శుభలేఖలో ఉన్నదే కదా, రహస్యమేముంది అన్నాడు స్టూడియో అబ్బాయి. నిజమే. కానీ శుభలేఖ బొట్టు పెట్టి, ఎరిగినవాళ్ళ చేతికిచ్చేది. ఇది పేరు టైపు చేసిన ఎవరికైనా దొరికేది. పెళ్ళిలో వేసుకున్న నగలు వీడియోలో, ఊరూ ఇంటిపేరూ కింద అక్షరాల్లో ఉంటే ఆ రెండింటినీ కలపడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

మరి మమ్మల్ని అడగకుండా పబ్లిక్‌గా ఎలా పెట్టారంటే, కొటేషన్ కాగితం వెనక చూడమన్నారు. "ప్రచారానికి వాడుకునే హక్కు స్టూడియోది" అని ఒక లైను ఉంది. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు నేనే సంతకం పెట్టాను. అక్కడే "పేర్లు, ఊళ్ళు రాయకూడదు, వివరణ మాకు చూపించాకే పెట్టాలి" అని పెన్నుతో ఒక్క వాక్యం రాయించుకుంటే సరిపోయేది. తర్వాత ఇదంతా బతిమాలుకునే వ్యవహారం అయింది.

ముందు చేయమన్నది వీడియోని డిలీట్ చేయడం కాదు, ప్రైవేట్‌లో పెట్టడం. డిలీట్ చేస్తే ఎంతమంది చూశారో, ఎక్కణ్ణుంచి వచ్చారో ఆ లెక్క మనకి అందదు. చిన్న పనే అయినా రెండు రోజులు ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే ఛానల్ పాస్‌వర్డ్ ఉన్న మనిషి ఇంకో పెళ్ళిలో ఉన్నాడు. 23న ప్రైవేట్ అయింది. అయినా గూగుల్లో పేరు కొడితే పాత టైటిలూ, కింద రెండు లైన్లూ కనిపిస్తూనే ఉన్నాయి. నొక్కితే వీడియో రాదు, కానీ పేర్లు చదవడానికి నొక్కక్కర్లేదు. గూగుల్‌కి Refresh Outdated Content అని ఒక పేజీ ఉంది. సైటు మనది కాకపోయినా అక్కడ లింకు ఇచ్చి, ఇది మారిపోయింది, మళ్ళీ చూడండి అని అడగొచ్చు. నేను 24న అడిగాను, ఏప్రిల్ 1 నాటికి పోయింది. వాట్సాప్‌లో ముందే పంపిన లింకుల సంగతి వేరు. పంపినప్పుడు టైటిల్‌తో తయారైన ఆ చిన్న పెట్టె ఆ మెసేజ్‌లో అలాగే ఉండిపోతుంది, మనం ఇక్కడ ఎన్ని మార్చినా అక్కడ మారదు.

ఇక మళ్ళీ ఎలా పెట్టాలన్నది ఇంట్లో రెండు రోజుల చర్చ. నాన్న అసలు వద్దన్నారు. ప్రైవేట్‌లో పెట్టి మెయిల్ ఐడీలకి అనుమతి ఇద్దామంటే, చూసే ప్రతి ఒక్కరూ ఆ జీమెయిల్‌తోనే లాగిన్ అయి ఉండాలి. మా పెద్దమ్మకి తన ఫోన్లో ఉన్న జీమెయిల్ ఏమిటో తెలియదు, అది ఫోన్ కొన్న షాపువాడు పెట్టింది. అన్‌లిస్టెడ్‌లో పెడితే లింకు ఉన్నవాళ్ళందరూ చూడొచ్చు, వెతికితే రాదు. కానీ లింకు ఎటైనా పోవచ్చు. ఎవరైనా దాన్ని తమ పబ్లిక్ ప్లేలిస్టులో కలిపారంటే వెతుకులాటలోనూ తేలొచ్చు. చివరికి రెండు గంటల పూర్తి పెళ్ళి వీడియోని అన్‌లిస్టెడ్‌లో, నాలుగున్నర నిమిషాల హైలైట్స్‌ని పబ్లిక్‌లో పెడదామనుకున్నాం. స్టూడియోవాళ్ళకి కావలసింది హైలైట్సే, వాళ్ళకి గిరాకీ దాంతోనే వస్తుంది. చెల్లికి కూడా అది నలుగురికీ కనిపించాలని ఉంది. అన్నవరంలో పెళ్ళి చేసుకునేవాళ్ళు చూస్తారు కదా అంది.

ఇక్కడే స్టూడియో అబ్బాయికీ నాకూ అసలు వాదన. "పేర్లు తీసేస్తే వీడియో ఎవరికీ దొరకదన్నా" అన్నాడు. సరే, తొమ్మిది రోజుల లెక్క చూపించమన్నాను. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్ తెరిస్తే చూసినవాళ్ళు ఎటునుంచి వచ్చారో, యూట్యూబ్‌లో ఏ మాటలు కొట్టి వచ్చారో ఉంటుంది. స్క్రీన్‌షాట్లు పంపాడు. మొత్తం 386 చూపులు. అందులో 340 పైగా వాట్సాప్ లాంటి బయటి లింకుల నుంచో, నేరుగా లింకు తెరిచో వచ్చినవి. యూట్యూబ్‌లో వెతికి వచ్చినవి 14. ఆ పద్నాలుగులో పేరు పెట్టి వెతికినట్టు ఒక్క మాటా కనిపించలేదు. కనిపించిన రెండు మాటలు ఇవి: annavaram wedding, telugu wedding highlights.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పెళ్ళికూతురి పేరు తెలిసినవాడికి లింకు ఎలాగూ అందుతుంది. లింకు అందనివాడికి పేరు తెలియదు. అతను వెతికేది ఊరు, మండపం, తంతు, పద్ధతి. పేరు కొట్టి వెతికేవాడు బంధువూ కాదు, స్టూడియోకి గిరాకీ కాబోయేవాడూ కాదు. మన గురించి ఆరా తీసేవాడు. కాబట్టి పేర్లు ఎవరికి దొరకాలో వాళ్ళకి పనికిరావు, ఎవరికి దొరకకూడదో వాళ్ళకే పనికొస్తాయి. ఈ ముక్క చెప్పాక అతను మెత్తబడ్డాడు. "ఊరు పేరు పెద్దగా పెడతాను, మీ పేర్లు తీసేస్తాను" అని తనే అన్నాడు.

మార్చి 27 నుంచి రాయడం మొదలుపెట్టాం. టైటిల్‌కి 100 అక్షరాల వరకూ జాగా ఉంటుంది, వివరణకి 5000. ఆ అయిదు వేలు చూసే స్టూడియోవాళ్ళు శుభలేఖ అంతా దించేస్తారు. నిజానికి పనిచేసేవి మొదటి రెండు లైన్లే. మడత పైన కనిపించేది, వెతికినప్పుడు టైటిల్ కింద వచ్చేది, వాట్సాప్ పెట్టెలో తొంగిచూసేది ఆ ముక్కే. అందుకని తెలుగులో ఒక లైను, ఇంగ్లీషులో ఒక లైను పెట్టాం. మనవాళ్ళు తెలుగు చదువుతారు కానీ వెతికేటప్పుడు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. తెలుగు లిపి ఒక్కటే ఉంటే అందంగా ఉంటుంది, అంతే. తర్వాత తంతుల పేర్లు సమయాలతో. చివరకి పెట్టింది ఇది:

```
టైటిల్:
అన్నవరం కొండ మీద తెలుగు పెళ్ళి | Annavaram Telugu Wedding Highlights

వివరణ:
అన్నవరం రత్నగిరి మీద జరిగిన పెళ్ళి, నాలుగున్నర నిమిషాల్లో.
Telugu wedding highlights from Annavaram, Andhra Pradesh.

0:00 మంగళ స్నానం (Mangala Snanam)
0:41 ఎదురుకోలు (Edurukolu)
1:26 జీలకర్ర బెల్లం (Jeelakarra Bellam)
2:35 మంగళసూత్రం, తలంబ్రాలు (Talambralu)
3:48 అప్పగింతలు (Appagintalu)

ఈ వీడియో కుటుంబం అనుమతితో పెట్టాం. డౌన్‌లోడ్ చేసి
వేరేచోట పెట్టకండి. కామెంట్లలో పేర్లు, ఊళ్ళు రాయకండి.
ఇందులో మీరు కనిపించడం ఇబ్బందైతే స్టూడియోకి మెయిల్ చేయండి.

#TeluguWedding #Annavaram #Pelli
```

దీని కింద స్టూడియో పేరు, మెయిల్ ఐడీ ఉన్నాయి. వాళ్ళ నంబరు తీసేయమని నేను అనలేదు, అది వాళ్ళ వ్యాపారం.

ఇందులో తెగనిది రెండు చోట్ల. ఒకటి, కులం పేరు. ఈ రకం వీడియోల టైటిళ్ళలో కులం పేరు పక్కన వెడ్డింగ్ అని రాయడం మామూలే, అలా వెతికేవాళ్ళూ ఉన్నారని స్టూడియో అబ్బాయి గట్టిగా చెప్పాడు. అది ఇంటిపేరులో సగం చెప్పేసినట్టే అని నేను ఒప్పుకోలేదు. తంతు పేరు రాస్తే పద్ధతి ఏమిటో తెలిసినవాడికి తెలుస్తుంది. రెండోది, పెళ్ళి హ్యాష్‌ట్యాగు. ఇద్దరి పేర్లూ కలిపి చెల్లి స్నేహితురాళ్ళు ఒకటి తయారు చేశారు, పెళ్ళిలో బోర్డు మీద కూడా అదే. అది చూడ్డానికి ముద్దుగానే ఉంది, కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో అతిథులు పెట్టిన ఫోటోలన్నీ దాని కిందే ఉన్నాయి. వీడియో కింద అది పెట్టామంటే ఎవరెవరు వచ్చారో మొత్తం ఆల్బమ్‌కి తలుపు తీసినట్టే. చెల్లి కొంచెం నొచ్చుకుంది. పోనీ వాళ్ళ సొంత ఖాతాల్లో వాడుకుంటారు. ముప్ఫై హ్యాష్‌ట్యాగుల్ని మూడు చేశాం. టైటిల్ దగ్గర కనిపించేవి మూడే, అరవై దాటితే యూట్యూబ్ అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది.

పెళ్ళి తేదీ కూడా రాయలేదు. కొత్త జంట ఎక్కడికైనా వెళ్ళి ఉంటే ఇల్లు తాళం వేసి ఉందని తేదీని బట్టే ఊహించొచ్చు. ఏటేటా వార్షికోత్సవం తేదీ కూడా అదే, దాన్ని పాస్‌వర్డుగా పెట్టుకునేవాళ్ళు మన ఇళ్ళలో తక్కువేం కాదు.

వివరణ శుభ్రం చేశాక, అక్షరాలు ఇంకెక్కడ మిగిలాయో వెతికాను. ఇది నేను ఊహించని భాగం. ట్యాగుల గడిలో పేర్లు, ఇంటిపేర్లు, రెండు కంపెనీల పేర్లు అలాగే ఉన్నాయి. ట్యాగులు వీడియో కింద కనిపించవు కాబట్టి ఎవరికీ తెలియవనుకుంటాం, కానీ కంప్యూటర్లో పేజీ సోర్సు తెరిస్తే కనిపిస్తాయి. పైగా వెతుకులాటలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతుంది. ఫైలు పేరు ఇంకో తంటా. అప్‌లోడ్ చేయగానే ఫైలు పేరే టైటిల్‌గా వచ్చి కూర్చుంటుంది. మార్చడం మరిచి పబ్లిష్ నొక్కితే అదే బయటికి వెళుతుంది. అందుకని ఫైలు పేరే annavaram_highlights_v2 అని మార్చి ఇమ్మన్నాను. థంబ్‌నెయిల్ మీద బంగారు అక్షరాల్లో ఇద్దరి పేర్లు ఉన్నాయి. అది కూడా మార్చాం.

వీడియో లోపలివి మూడు దొరికాయి. మొదటి షాటే శుభలేఖ దగ్గరి నుంచి, పక్కన దీపం, పూలు. ఆపి చూస్తే నాన్న ఫోన్ నంబరు, ఇంటి నంబరుతో సహా చదవొచ్చు. రెండోది చదివింపుల బల్ల, పుస్తకంలో పేర్లూ అంకెలూ. మూడోది కళ్ళకి కనిపించనిది: ప్రవర. పంతులుగారు గోత్రంతో పాటు ముత్తాత, తాత, తండ్రి పేర్లు మైకులో చదువుతుంటే ఆ ధ్వనిని సంగీతం కింద అలాగే ఉంచారు. ఎనిమిది సెకన్లలో మూడు తరాలు. వివరణలో పేర్లు లేకుండా చూసుకున్న మేము దీన్ని వదిలేయబోయాం, అమ్మ పట్టుకుంది.

యూట్యూబ్ ఎడిటర్‌లోనే మధ్యలో ముక్క కత్తిరించొచ్చు, ముఖాలు మసక చేయొచ్చు, లింకు మారదు. కానీ పెట్టిన వీడియో స్థానంలో కొత్త ఫైలు పెట్టడం కుదరదు. మాకు ధ్వని కూడా మార్చాలి. పైగా పాత లింకు పాత పేర్లతో గ్రూపుల్లో తిరుగుతోంది. అందుకని కొత్త ఫైలు, కొత్త లింకే నయమనుకున్నాం. మళ్ళీ ఎడిట్ చేసినందుకు స్టూడియో 2,500 తీసుకుంది. మొత్తం వ్యవహారంలో డబ్బు ఖర్చు ఇదే. శుభలేఖ షాటు బదులు గాలిగోపురం, బల్ల షాటు బదులు అడ్డాకులో ప్రసాదం పెట్టారు. ప్రవర దగ్గర సన్నాయి పెంచారు. ఇద్దరి చిన్నపేర్లు మాత్రం చివర రెండు సెకన్లు తెర మీద ఉంచాం, అది చెల్లి పట్టు. తెర మీద బొమ్మలో ఉన్న పేరు కింద అక్షరాల్లో రాసినంత సులువుగా ఎవరికీ దొరకదని సర్దుకున్నాం.

ఈ లోపల మనుషుల్ని అడిగే పని. సెకను కంటే ఎక్కువ ముఖం కనిపించేవాళ్ళు ఇంటివాళ్ళు కాక పదకొండు మంది. ఒక్కొక్కరికీ వాళ్ళ షాటు స్క్రీన్‌షాట్ పంపి, ఇది పబ్లిక్‌లో ఉంటుంది, సరేనా అని అడిగాను. తొమ్మిది మంది ఆ రోజే సరే అన్నారు. పిన్ని కూతురు తన డాన్స్ షాటు తీసేయమంది, తీసేశాం. అక్క తన పిల్ల ఉన్నచోట దూరపు షాటు పెట్టమంది. బావ మాత్రం ఉంచమన్నాడు, ఎలాగూ దొరికిపోయాను కదా అని.

ఏప్రిల్ 6 ఆదివారం ఉదయం మళ్ళీ పెట్టారు. వివరణలో రాసిన సమయాల్ని బట్టి వీడియో విభాగాలుగా విడిపోవాలి, పెట్టగానే ఆ విభాగాలు రాలేదు. చూస్తే స్టూడియో అబ్బాయి మొదటి అయిదు సెకన్ల లోగో వదిలేసి 0:05 నుంచి మొదలుపెట్టాడు. మొదటిది 0:00 అయి తీరాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు. మార్చాక వచ్చాయి. సినిమా పాట వాడినందుకు కాపీరైట్ క్లెయిమ్ కూడా వచ్చింది. అది స్ట్రైక్ కాదు, ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకి పోతుంది. మాకు సంబంధించిందల్లా ఒకటే, పాట వివరాలు వివరణ కింద దానంతటదే వచ్చి చేరాయి.

మే మొదటి వారానికి 1,140 చూపులు. యూట్యూబ్‌లో వెతికి వచ్చినవి 212. రెండు వీడియోలు ఉన్న రోజులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చలేం కానీ, ఆ వెతికిన మాటల్లో అన్నవరం ఉన్నవే ఎక్కువ. jeelakarra bellam అని కొట్టి వచ్చినవాళ్ళు కూడా కొందరున్నారు. స్టూడియోకి ఈ వీడియో చూసి రెండు ఎంక్వైరీలు వచ్చాయట. పేరుతో వెతికితే మా వీడియో రావడం లేదు, నేను వారానికోసారి రెండు లిపుల్లో కొట్టి చూస్తున్నాను.

కామెంట్ల సంగతి చివర్లో చెబుతున్నాను కానీ మొదట తట్టాల్సింది అదే. పాత వీడియోకి వచ్చిన మొదటి కామెంటు మా బాబాయిది. "చి.ల.సౌ." అని మొదలుపెట్టి పెళ్ళికూతురి పేరు, "చి." అని పెళ్ళికొడుకు పేరు, ఇంటిపేర్లు, మా ఊరు, తన సంతకం, ఊరు పిన్‌కోడ్. ఉత్తరం రాసిన అలవాటు. కొత్త వీడియోకి కామెంట్లు పూర్తిగా ఆపేస్తే దీవెనలు పెట్టే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ప్రతి కామెంటునీ ఆపి, చూశాక వదిలే సెట్టింగ్ పెట్టించాం. మా ఇంటిపేరునీ అబ్బాయి వాళ్ళ ఇంటిపేరునీ నిషేధించిన మాటల జాబితాలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించాం. ఏడో తారీఖున బాబాయి మళ్ళీ అదే కామెంటు, అంతే పొడవుగా పెట్టాడు. అది ఆగింది. వేరేవాళ్ళ కామెంటుని మనం దిద్దలేం, ఉంచాలి లేదా తీసేయాలి. ఫోన్ చేసి చెప్పాను.

"ఏరా, దీవించడానికి కూడా పేరు రాయకూడదా?" అన్నాడు. కాసేపటికి ఇంకో కామెంటు వచ్చింది. "శతమానం భవతి. మీ బాబాయ్." దాన్ని వదిలారు.